మూడో నెలలో ఆగిపోయే టీబీ మాత్రలు

టీబీ మాత్రలు మానేయాలనే ఆలోచన ఎక్కువమందికి ఒంట్లో కాస్త బాగున్నప్పుడే వస్తుంది. మందు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో సాయంత్రం జ్వరం తగ్గుముఖం పడుతుంది. నెల తిరిగేసరికి దగ్గు తగ్గి, అన్నం సహిస్తుంది. రెండో నెల చివర తెమడ పరీక్ష చేస్తే చాలామందికి నెగెటివ్ వస్తుంది. ఇంకా నాలుగు నెలల మందు మిగిలే ఉంటుంది. పనిలోకి వెళ్లాలి, మాత్రలు చూస్తే వికారం, పక్కవాళ్లు చూస్తారేమోనని మొహమాటం. "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు?" అన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది.

నిజానికి అది మంచి ప్రశ్నే. దానికి "డాక్టర్ చెప్పారు కాబట్టి" అని జవాబిస్తే ఎవరికీ తృప్తిగా ఉండదు. ఆరు నెలలు అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఒకే మాత్రలో నాలుగు మందులు ఎందుకు కలిపారు, మధ్యలో ఆపితే ఊపిరితిత్తిలో ఏం జరుగుతుంది అన్నవి తెలిస్తే జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాలమూరు వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనులు చేసే మేస్త్రీ ఒకరు ఉన్నారనుకుందాం. వయసు నలభై లోపు, బరువు 46 కిలోలు. రెండు నెలలుగా దగ్గు. ట్రూనాట్ పరీక్షలో టీబీ ఉందని, రిఫాంపిసిన్ అనే మందుకు లొంగే రకమేనని తేలింది. అంటే మామూలు టీబీ. ఆయనకు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చేది రోజుకు మూడు మాత్రలు.

మూడు మాత్రల లెక్క

మొదటి రెండు నెలలు ఇచ్చే ఒక్కో మాత్రలో నాలుగు మందులుంటాయి: ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275. పెద్దవాళ్లకు మాత్రల సంఖ్యను బరువును బట్టి నిర్ణయిస్తారు. 25 నుంచి 34 కిలోల వరకు రెండు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు, 65 నుంచి 75 వరకు అయిదు, ఆపైన ఆరు. మన మేస్త్రీ మూడు వేసుకుంటే ఆయన ఒంట్లోకి రోజూ 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ వెళ్తుంది. కిలోకు సుమారు పది మిల్లీగ్రాములు. కావలసింది కూడా అంతే.

"మూడు ఎక్కువైపోతున్నాయి, రెండు వేసుకుంటా" అని ఆయన అనుకుంటే నాలుగు మందుల్లో ప్రతి ఒక్కటీ మూడో వంతు తగ్గిపోతుంది. "పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి" అని విడగొట్టినా నష్టమే. ఈ మందులు, ముఖ్యంగా రిఫాంపిసిన్, రక్తంలో ఒక్కసారిగా ఎంత ఎత్తుకు చేరితే అంత బాగా పనిచేస్తాయి. అందుకే మాత్రలన్నీ రోజుకు ఒకేసారి, ఒకే సమయానికి వేసుకోవాలి.

రెండు నెలలు, అంటే 56 రోజుల తర్వాత మాత్ర మారుతుంది. కొత్త మాత్రలో పైరజినమైడ్ ఉండదు, మిగతా మూడు మందులు అదే మోతాదులో ఉంటాయి. దాన్ని నాలుగు నెలలు, 112 రోజులు వేసుకోవాలి. మొత్తం 168 రోజులు. వెన్నెముకకో మెదడు పొరలకో టీబీ సోకితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, దాని సంగతి ఇక్కడ వద్దు.

ఇదే మేస్త్రీ మూడో నెలకు 52 కిలోలకు వచ్చారనుకుందాం. బరువు పెరగడం మంచి గుర్తే. కానీ మాత్రలు మూడే ఉంటే ఇప్పుడు కిలోకు తొమ్మిది మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ కూడా అందదు. అయిదు కిలోలకు మించి పెరిగి పై వరుసలోకి వెళ్లారు కాబట్టి ఆయనకు నాలుగు మాత్రలు ఇవ్వాలి. నెలనెలా బరువు చూడమనేది ఇందుకే. ఆ పని చాలాచోట్ల రిజిస్టర్‌లో అంకె వేయడంతోనే సరిపెడతారు. మందు తెచ్చుకునేటప్పుడు "నా బరువు ఇంత, మాత్రలు మార్చాలా?" అని రోగి అడగడం తప్పేమీ కాదు.

నాలుగూ ఒకే మాత్రలో ఎందుకు

ఈ మాత్ర వెనక ఒక పాత అనుభవం ఉంది. టీబీ మీద పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్. 1940ల చివర బ్రిటన్‌లో దాన్ని ఒక్కదాన్నే ఇచ్చి చూశారు. తొలి నెలల్లో రోగులు లేచి తిరిగారు. తర్వాత చాలామందిలో జబ్బు మళ్లీ ముదిరింది, అప్పుడు ఆ మందు పనిచేయలేదు. క్రిములు దానికి లొంగడం మానేశాయి.

కారణం లెక్కలో ఉంది. ఊపిరితిత్తిలో గుంత పడిన చోట పది కోట్ల క్రిములుండటం వింతేమీ కాదు. మందు ముఖం చూడకముందే వాటిలో సహజంగా కొన్ని మొండివి పుట్టి ఉంటాయి. ఐసోనియాజిడ్‌కు లొంగనిది సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇస్తే మిగిలిన క్రిములన్నీ చచ్చి, ఆ వంద మొండివీ బతికి, ఖాళీ అయిన చోటంతా అవే పెరుగుతాయి. రెండు మందులూ కలిపి ఇస్తే రెండింటికీ లొంగని క్రిమి పుట్టాలంటే కోటి కోట్లలో ఒకటి కావాలి. ఏ మనిషి ఊపిరితిత్తిలోనూ అన్ని క్రిములు ఉండవు. ఒక మందు వదిలేసిన దాన్ని రెండోది చంపుతుంది.

మందులు విడివిడిగా ఇచ్చిన రోజుల్లో రోగులు తెలివిగా ఎంచుకునేవాళ్లు. ఏ మాత్ర వేసుకుంటే వాంతి వస్తోందో దాన్ని పక్కన పెట్టి, మిగతావి వేసుకునేవాళ్లు. తమకు తెలియకుండానే తమ ఒంట్లో స్ట్రెప్టోమైసిన్ కథను మళ్లీ నడిపేవాళ్లు. నాలుగూ ఒకే మాత్రలో ఉంటే వేస్తే నాలుగూ వేసినట్టు, మానితే నాలుగూ మానినట్టు. ఎంచుకునే వీలు ఉండదు. మాత్రల సంఖ్య తగ్గడం అదనపు సౌకర్యం మాత్రమే.

అయితే ఈ ఏర్పాటుకూ హద్దులున్నాయి. కలిపిన మాత్రతో ఒళ్లంతా దద్దుర్లు వస్తే నాలుగింటిలో దోషి ఎవరో చెప్పలేం. అప్పుడు మాత్ర ఆపి, విడి మందులు తెప్పించి, ఒక్కొక్కటిగా మొదలుపెట్టి పట్టుకోవాలి. ఇంకోటి నిల్వ సంగతి. ఈ మాత్రకు తేమ పడదు. వారానికి సరిపడా మాత్రలు స్ట్రిప్ నుంచి తీసి కాగితంలో పొట్లం కట్టుకుని, పని చేసే చోటికి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లడం మనవాళ్లకు అలవాటు. వానాకాలంలో, చెమటలో అవి మెత్తబడి, రంగు మారి, లోపలి రిఫాంపిసిన్ పాడయ్యే ప్రమాదం ఉంది. వేసుకునే క్షణం వరకు స్ట్రిప్‌లోనే ఉండాలి. మెత్తబడినవీ మచ్చలు పడినవీ తిరిగి ఇచ్చేసి కొత్తవి అడగాలి.

ఎర్రటి మూత్రం, పసుపు కళ్లు

మేస్త్రీ మొదటి రోజు మాత్రలు వేసుకున్న కొన్ని గంటలకే మూత్రం నారింజ ఎరుపులో వస్తుంది. ముందే చెప్పి ఉండకపోతే గుండె జారిపోతుంది. ఇంట్లోవాళ్లు "వేడి చేసింది" అంటారు. మజ్జిగ, సబ్జా గింజలు, కొబ్బరినీళ్లు మొదలవుతాయి. వాటి వల్ల నష్టం లేదు, కానీ "ఈ మాత్రలు ఒంటికి పడట్లేదు, బాగా వేడి" అన్న అభిప్రాయం స్థిరపడితే మొదటి వారంలోనే మందు ఆగిపోతుంది. ఆ రంగు రిఫాంపిసిన్‌ది. చెమట, కన్నీళ్లు కూడా కాస్త రంగు తేలవచ్చు, కాంటాక్ట్ లెన్సులకు మరక పడుతుంది. ఇందులో ప్రమాదం ఏమీ లేదు. మాత్ర నిజంగా ఒంట్లోకి వెళ్లిందని చెప్పే గుర్తుగా ఆరోగ్య కార్యకర్తలు దీన్ని వాడుకుంటారు కూడా.

తర్వాత వచ్చేది వికారం. మొదటి రెండు మూడు వారాలు కడుపులో తిప్పడం, అన్నం సహించకపోవడం మామూలే. పరగడుపున వేసుకుంటే మందు బాగా ఒంటబడుతుందన్నది నిజం. కానీ పరగడుపున వేసుకుని కక్కేసేకంటే రెండు ఇడ్లీలు తిని వేసుకోవడం మేలు. గ్యాస్ మందు సిరప్ తాగిన వెంటనే మాత్రలు వేసుకుంటే మాత్రం మందు సరిగా ఒంటబట్టదు, మధ్యలో కనీసం రెండు గంటల తేడా ఉండాలి. మొదటి రెండు నెలల్లో కీళ్ల నొప్పులు వస్తే అది పైరజినమైడ్ పని. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరగడం వల్ల వస్తుంది, నొప్పి మాత్రతో సర్దుకుంటుంది, ఆ మందు ఆగిన మూడో నెలలో చాలావరకు పోతుంది. పాదాల్లో మంట, సూదులు గుచ్చినట్టుండటం ఐసోనియాజిడ్ వల్ల. బి6 విటమిన్ మాత్ర దానికి మందు. షుగర్ ఉన్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు, గర్భిణులకు, బాగా బక్కచిక్కిన వాళ్లకు అది రాకముందే ఇవ్వాలి.

ఇవన్నీ ఇబ్బందులే గానీ మందు ఆపాల్సినంతవి కావు. ఆపాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి కాలేయం, చూపు.

కాలేయం సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎందుకంటే ఇక్కడే రెండు వైపులా తప్పులు జరుగుతాయి. పైరజినమైడ్, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మూడూ కాలేయం మీద భారం వేసేవే. కొద్దిమందిలో అది వాచి కామెర్లు వస్తాయి. మామూలుగా కామెర్లను మూత్రం రంగు చూసి అనుమానిస్తాం. ఈ రోగి మూత్రం మొదటి రోజు నుంచే రంగులో ఉంది కాబట్టి ఆ గుర్తు పనికిరాదు. చూడాల్సింది పగటి వెలుతురులో కంటి తెల్లగుడ్డు. మామూలు మోతాదులో రిఫాంపిసిన్ దాన్ని పచ్చబరచదు. కాబట్టి కన్ను పచ్చగా ఉంటే అది మందు రంగు కాదు, కాలేయం చెప్పే మాట. దానికంటే ముందే వచ్చే గుర్తులు కూడా ఉన్నాయి. తగ్గిపోయిన వికారం ఒక నెల తర్వాత మళ్లీ మొదలవడం, అన్నం వాసనే పడకపోవడం, కుడి డొక్క పైన నొప్పి, విపరీతమైన నీరసం. మొదటి వారం వికారానికి, ఆరో వారంలో కొత్తగా మొదలైన వికారానికి చాలా తేడా ఉంది. రెండోది కనిపిస్తే ఆ పూట మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లి కాలేయ పరీక్ష చేయించాలి.

పరీక్షలో ఏఎల్‌టీ అనే ఎంజైమ్ మామూలు హద్దుకు మూడు రెట్లు దాటి, పైన చెప్పిన బాధలు కూడా ఉంటే డాక్టర్ మందులు ఆపుతారు. బాధలేమీ లేకపోతే అయిదు రెట్లు దాటినప్పుడు ఆపుతారు. జబ్బు తీవ్రంగా ఉంటే ఆ ఖాళీలో కాలేయానికి హాని చేయని వేరే మందులు నడుపుతారు. అంకెలు దిగాక విడి మందులతో, సాధారణంగా రిఫాంపిసిన్‌తో మొదలుపెట్టి, కొన్ని రోజుల తేడాతో ఐసోనియాజిడ్ చేర్చి, ప్రతి దశలో రక్తపరీక్ష చూసుకుంటూ వెళ్తారు. పైరజినమైడ్‌ను పూర్తిగా వదిలేయాల్సి వస్తే మొత్తం చికిత్స తొమ్మిది నెలలకు పెరుగుతుంది. చాలామందికి మందు మళ్లీ పడుతుంది. ఈ విషయం తెలియకే కామెర్లు వచ్చిన రోగి "ఈ జన్మకు ఆ మాత్రలు వద్దు" అనేసుకుంటారు.

మన ఊళ్లలో రెండో తప్పు కామెర్లకు పసరు మందు. పచ్చబడ్డాయనగానే పసరు పోసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, పథ్యం పెట్టి, టీబీ మాత్రలు అటకెక్కిస్తారు. మాత్రలు ఆగాయి కాబట్టి కాలేయం దానంతట అదే కోలుకుంటుంది, పేరు పసరుకు వస్తుంది. టీబీ చికిత్స మాత్రం అక్కడితో తెగిపోతుంది, దాన్ని మళ్లీ ఎవరూ గుర్తు చేయరు. సారా, కల్లు, విస్కీ ఏదైనా సరే ఆరు నెలలు పూర్తిగా మానాలని చెప్పేది కూడా ఈ కాలేయం కోసమే. అయితే తాగుడు మానలేకపోయినవాళ్లు కొందరు "తాగిన రోజు మాత్ర వేసుకోకూడదంట" అని మాత్రనే మానేస్తున్నారు. వాళ్లు చేయాల్సింది ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పి, కాలేయ పరీక్షలు తరచుగా చేయించుకుంటూ మందు కొనసాగించడం.

చూపు విషయంలో అనుమానించాల్సింది ఇథాంబుటాల్‌ను. ఒక్కో కన్ను మూసి క్యాలెండర్ అంకెలు చదివి చూసుకోవచ్చు. మసకగా ఉన్నా, ఎరుపు ఆకుపచ్చ రంగుల మధ్య తేడా తగ్గినట్టు అనిపించినా, మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి. తొందరగా ఆపితే చాలామందికి చూపు తిరిగి వస్తుంది, ఆలస్యమైతే నష్టం మిగిలిపోవచ్చు. మన దేశంలో ఇథాంబుటాల్ ఆరు నెలలూ ఉంటుంది కాబట్టి రెండు నెలలు దాటాక ఇక భయం లేదనుకోకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒంటి మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం, నోట్లో పుండ్లతో కూడిన దద్దుర్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇంకొక్క మాట. రిఫాంపిసిన్ వేరే మందులను ఒంట్లోంచి త్వరగా తోసేస్తుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబడే వార్ఫరిన్, కొన్ని షుగర్ మాత్రలు, ఫిట్స్ మందులు బలం తగ్గిపోతాయి. వేసుకుంటున్న మందులన్నీ మొదటి రోజే చూపించాలి.

తెమడ నెగెటివ్ అయ్యాక లోపల ఏముంది

ఇక అసలు ప్రశ్న. క్రిములన్నీ ఒకేలా బతకవు. గుంత గోడల్లో గాలి బాగా తగిలే చోట ఉన్నవి వేగంగా విభజన చెందుతుంటాయి. దగ్గు, జ్వరం, తెమడలో కనిపించే క్రిములు, ఇతరులకు అంటడం, అన్నీ ఎక్కువగా వీటి వల్లే. ఐసోనియాజిడ్ వీటిని మొదటి కొద్ది రోజుల్లోనే పెద్ద ఎత్తున చంపేస్తుంది. అందుకే రోగికి అంత త్వరగా బాగైనట్టు అనిపిస్తుంది.

కానీ వాచిన కణజాలంలో, కణాల లోపల కొన్ని క్రిములు దాదాపు కదలకుండా పడి ఉంటాయి. విభజన చెందని క్రిమి మీద ఐసోనియాజిడ్ ప్రభావం చాలా తక్కువ. పుల్లటి వాతావరణంలో ఉన్నవాటిని మొదటి రెండు నెలల్లో పైరజినమైడ్ చూసుకుంటుంది. అప్పుడప్పుడు కాసేపు మేల్కొని మళ్లీ నిద్రపోయే వాటిని, మేల్కొన్న ఆ కాస్త సమయంలో పట్టుకోగలిగేది ప్రధానంగా రిఫాంపిసిన్. ఎప్పుడు మేల్కొంటాయో తెలియదు కాబట్టి అది రోజూ అక్కడ ఉండాలి. చేలో తుంగను పైకి కోసేస్తే నేల శుభ్రంగా కనిపించినా గడ్డలు లోపలే ఉన్నట్టు, తెమడ నెగెటివ్ అన్నది పైన కనిపించే సంగతి మాత్రమే చెబుతుంది.

ఇది ఊహ కాదు, నాలుగు నెలల్లో ముగించవచ్చేమోనని నిజంగానే ప్రయత్నించి చూశారు. 2014లో ఫలితాలు వెలువడిన రెమాక్స్ టీబీ అనే పెద్ద ప్రయోగంలో, ఒక మందు స్థానంలో శక్తిమంతమైన మాక్సిఫ్లాక్సాసిన్ చేర్చి నాలుగు నెలలకే చికిత్స ఆపారు. ఆ రోగుల తెమడ మామూలు చికిత్స తీసుకున్నవాళ్ల కంటే త్వరగా శుభ్రపడింది. అయినా తర్వాత గమనిస్తే నాలుగు నెలల గుంపుల్లో మంచి ఫలితం దక్కింది 85, 80 శాతం మందికి. ఆరు నెలల మామూలు చికిత్సలో 92 శాతం మందికి. తేడా ఎక్కువగా జబ్బు తిరగబెట్టడం వల్ల వచ్చింది. తెమడ ఎంత తొందరగా శుభ్రపడినా, లోపల పని పూర్తయిందనడానికి అది హామీ కాదని దీంతో తేలిపోయింది. రిఫాపెంటిన్ అనే మందుతో నాలుగు నెలల పద్ధతి ఒకటి 2021లో నెగ్గింది నిజమే. కానీ అది వేరే మందుల కలయిక. చేతిలో ఉన్న ఆరు నెలల మాత్రలను నాలుగు నెలలకే ఆపుకోవడానికి అది సాకు కాదు.

రోజూ వేసుకుంటూనే మధ్యమధ్యలో ఎగ్గొడితే? 2014 నాటి మూడు ప్రయోగాల వివరాలను కలిపి 2018లో విశ్లేషించినప్పుడు, వేసుకోవాల్సిన మాత్రల్లో పదో వంతు లేదా అంతకంటే ఎక్కువ తప్పిపోయినవాళ్లలో చికిత్స విఫలమవడం, జబ్బు తిరగబెట్టడం దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. పదో వంతు అంటే 168 రోజుల్లో 17 రోజులు. "ఆదివారం ఒక్కరోజు సెలవు" అనుకున్న మనిషి ఆరు నెలల్లో 24 రోజులు పోగొట్టుకుంటారు. ఏదో ఒకరోజు మరిచిపోతే కొంపలేమీ మునగవు. ఆ రోజే గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు గుర్తొస్తే రెట్టింపు వేయకుండా మామూలు మోతాదు వేసుకుని, తప్పిన రోజును చివర్లో కలుపుకోవాలి. టెన్షన్ పడాల్సింది వారం వారం అలవాటుగా తప్పుతున్నప్పుడు.

మేస్త్రీ డెబ్బయ్యో రోజున ఆపేస్తే

తెమడ నెగెటివ్ వచ్చింది, బరువు పెరిగింది, ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ముంబైలో పని దొరికింది, స్ట్రిప్పులు అయిపోయాయి, వెళ్లిపోయారు. రెండు నెలలు బాగానే గడిచాయి. నాలుగో నెలలో సాయంత్రం వెచ్చబడటం మొదలైంది. దగ్గరలోని ఆర్‌ఎంపీ జలుబు అనుకుని యాంటీబయోటిక్ ఇచ్చారు. అది లీవోఫ్లాక్సాసిన్ లాంటిదైతే టీబీ క్రిముల మీద కూడా కాస్త పనిచేస్తుంది కాబట్టి పది రోజులు జ్వరం తగ్గుతుంది, జబ్బు బయటపడటం ఇంకా ఆలస్యమవుతుంది. పైగా ఆ మందుకు ఒంటరిగా ఎదురైన క్రిములు దానికీ మొండికేసే అవకాశం దొరుకుతుంది. ఈలోగా ఒకే గదిలో పడుకునే తోటి పనివాళ్లకు రాత్రిళ్లు గాలిలో క్రిములు అందుతుంటాయి.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చెప్పాలి. మాత్రలన్నీ ఒక్కసారిగా ఆపేసినవాళ్లలో తిరగబెట్టే టీబీ చాలాసార్లు పాత మందులకు లొంగేదే అయి ఉంటుంది. మొండి టీబీకి ఎక్కువగా దారితీసేది వారం వేసి, రెండు వారాలు మాని, మళ్లీ వేసే పద్ధతి. మందులన్నీ ఒంట్లోంచి ఒకే వేగంతో పోవు, వాటి దెబ్బ నుంచి క్రిములు తేరుకోవడానికి పట్టే సమయం కూడా ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. అలా ప్రతి విరామంలోనూ క్రిములు ఒక్క మందును మాత్రమే ఎదుర్కొనే కొన్ని గంటలో రోజులో ఏర్పడతాయి. కలిపిన మాత్ర రోగి చేతిలోని ఎంపికను తీసేసింది గానీ ఈ ఖాళీని పూడ్చలేదు. ఈ ఒక్క పనీ రోజూ వేసుకోవడం వల్లే అవుతుంది.

ఆగిన మాత్రలను సొంతంగా మళ్లీ మొదలుపెట్టడంలో ఇంకో చిక్కుంది. రిఫాంపిసిన్‌ను కొంతకాలం మాని మళ్లీ వేసుకున్నప్పుడు కొద్దిమందిలో ఒంటి రక్షణ వ్యవస్థ దాని మీద తిరగబడుతుంది. మాత్ర వేసుకున్న కాసేపటికి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. అరుదుగా ప్లేట్‌లెట్లు పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం కూడా జరుగుతుంది. అందుకని ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్‌ను దగ్గు వచ్చినప్పుడు తీసి వేసుకోవడం రెండు విధాలా చెడ్డది.

మేస్త్రీ తిరిగి ఆసుపత్రికి వచ్చారనుకుందాం. నెల రోజులకు పైగా మందు ఆపినవాళ్లను చికిత్స వదిలేసినవాళ్లుగా లెక్కిస్తారు. మొదట చేయాల్సింది సీబీనాట్ లేదా ట్రూనాట్‌తో క్రిమి ఉందా, రిఫాంపిసిన్‌కు ఇంకా లొంగుతుందా అని చూడటం. లొంగే రకమైతే అవే మాత్రలతో ఆరు నెలలు మళ్లీ మొదటి నుంచి. వేసుకున్న డెబ్బయ్ రోజులు లెక్కలోకి రావు. లొంగకపోతే వేరే మందులు. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపిన ఆరు నెలల పద్ధతికి మన దేశంలో 2024లో ఆమోదం లభించింది. ఇంతకుముందులా ఏడాదిన్నర, రెండేళ్లు కాదు కాబట్టి ఇది పెద్ద ఊరటే. కానీ లినెజోలిడ్ వల్ల రక్తహీనత, పాదాల నరాలు దెబ్బతినడం రావచ్చు, బెడాక్విలిన్ కోసం గుండెకు ఈసీజీ తీస్తుండాలి. నారింజ రంగు మూత్రంతో పోయే బాధ కాదు. పైగా ఈ పద్ధతి అందరికీ సరిపడదు. సరిపడనివాళ్లకు ఇంకా పొడవాటి చికిత్సే.

అసలు ఆయన ముంబై వెళ్లడం వల్ల మందు ఆగాల్సిన పనే లేదు. చికిత్స మొదలైన రోజే ప్రతి రోగికి నిక్షయ్ పోర్టల్‌లో ఒక నంబరు వస్తుంది. వెళ్లేముందు కేంద్రంలో చెప్పినా, వెళ్లాక అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ నంబరు చూపించినా పేరు అక్కడికి బదిలీ చేసి మాత్రలు ఇస్తారు. పోషణ కోసం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయల చొప్పున ఇచ్చే సాయం కూడా ఆ నంబరుకే ముడిపడి ఉంటుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే 1800-11-6666 అనే ఉచిత నంబరుంది. ప్రయాణానికి ముందు కనీసం రెండు వారాల మాత్రలు చేతిలో పెట్టుకోవాలి, ఎందుకంటే కొత్త చోట కాగితాల పని ఒక్కరోజులో అవుతుందని నమ్మకం లేదు.

168 రోజులు పూర్తయిన నాడు మళ్లీ తెమడ పరీక్ష ఉంటుంది. అందులో నెగెటివ్ వస్తే చికిత్స ముగిసినట్టే. జబ్బు తిరగబెట్టేవాళ్లలో ఎక్కువమందికి అది మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది కాబట్టి రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి పిలిచి చూస్తారు. పిలుపు రాకపోయినా దగ్గు రెండు వారాలు దాటితే, బరువు తగ్గుతుంటే, "నాకు ఇంతకుముందు టీబీ మందులు వాడారు" అని మొదటి మాటగా చెప్పి తెమడ పరీక్ష అడగాలి. ఆ ఒక్క వాక్యం వింటే డాక్టర్ మామూలు దగ్గు మందు రాయకుండా సీబీనాట్ రాస్తారు.